ఏళ్ల తర్వాత పాత స్నేహితుడి మెసేజ్‌కి ఏమని రాయాలి?

ప్రశ్న: హాస్టల్ రూమ్మేట్ పన్నెండేళ్ల తర్వాత వాట్సాప్‌లో "ఎలా ఉన్నావ్ రా?" అన్నాడు. ఏమని రిప్లై ఇవ్వాలి?

"ఇన్నాళ్లూ ఏమైపోయావ్?" అని మాత్రం మొదలుపెట్టకండి. మీకది చనువే కానీ, అతనికి సంజాయిషీ అడిగినట్టుంటుంది. ఏం చెప్పాలో తోచక మళ్లీ మాయమైపోవచ్చు. మీ ఇద్దరికే తెలిసిన ఒక సంగతి, తేలిగ్గా జవాబిచ్చే ఒక ప్రశ్న చాలు:

"బాగున్నాన్రా. సెకండ్ షో నుంచి వస్తూ గోడ దూకుతుంటే ఎవడు దొరికిపోయాడో గుర్తుందా? ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నావ్?"

దీనితో ఇంకో లాభం కూడా ఉంది. అతని ఖాతా ఎవడైనా హ్యాక్ చేసి ఉంటే ఆ గోడ సంగతి దాటేస్తాడు. అర్జెంటుగా డబ్బు సర్దమనో, మీ ఫోన్‌కి వచ్చిన 6 అంకెల కోడ్ పంపమనో అంటాడు. అలా అడిగితే ఏదీ పంపకుండా, వాట్సాప్‌లో కాక అదే నంబరుకి మామూలు కాల్ చేసి గొంతు వినండి.