3కీ 6కీ పడదంటున్నారు, నిజమేనా?

ప్రశ్న: మా చెల్లెలికి నంద్యాల సంబంధం వచ్చింది. అమ్మాయి 18-2-1999, అబ్బాయి 24-3-1995. ఒక యాప్‌లో చూస్తే 3, 6 సూపర్ జోడీ అని వచ్చింది. ఇంకో యాప్‌లో అబ్బాయి నంబర్ 33 అని చూపించింది. కర్నూలులో న్యూమరాలజీ చూసే ఆయనేమో 3కీ 6కీ పడదు, అమ్మాయి పేరు స్పెల్లింగ్ మార్చాలి అంటున్నాడు. ఎవరి లెక్క కరెక్ట్? నాన్న బాగా టెన్షన్ పడుతున్నాడు.

జవాబు:

అన్నా, కూడికలో ఎవరూ తప్పు చేయలేదు. తేడా అంతా కూడిక అయిపోయాక మొదలవుతుంది. నేను ప్రొద్దుటూరులో సంబంధాలు చూసే ఒక ఆఫీసులో ఆరేళ్లు పని చేశాను. బయోడేటా రాగానే పుట్టిన తేదీ పక్కన పెన్సిల్‌తో ఈ నంబర్లు వేయడం నా పనే. అందుకే ఇంత ధైర్యంగా చెప్తున్నా.

యాప్‌లు లైఫ్ పాత్ నంబర్ అనేదాన్నే మనవాళ్లు భాగ్యాంకం అంటారు. తేదీ, నెల, సంవత్సరం అంకెలన్నీ కూడి ఒక్క అంకె వచ్చేదాకా తగ్గించాలి. మీ చెల్లెలిది 1+8+2+1+9+9+9 = 39. 3+9 = 12. 1+2 = 3. అబ్బాయిది 2+4+3+1+9+9+5 = 33. 3+3 = 6. అంతే, ఇందులో ఇంకే రహస్యం లేదు.

మరి ఆ 33 ఎక్కడిది? 11, 22, 33 వస్తే వాటిని మాస్టర్ నంబర్లంటారు, ఇంకా తగ్గించకుండా అలాగే ఉంచుతారు. రెండో యాప్ అన్ని అంకెల్నీ వరసగా కూడి 33 దగ్గర ఆగిపోయింది. మొదటి యాప్ ఒక్క అంకె వచ్చేదాకా తగ్గించి ఉంటుంది, లేదా తేదీ, నెల, సంవత్సరం విడివిడిగా తగ్గించి కూడి ఉంటుంది. విడివిడిగా చేస్తే తేదీ 6, నెల 3, సంవత్సరం 24 అంటే 6. మొత్తం 15, అంటే 6. దారిలో 33 అసలు కనబడదు. ఏ దారిలో పోయినా చివరి అంకె మాత్రం మారదు. ఎందుకంటే ఏ సంఖ్యనైనా 9తో భాగిస్తే వచ్చే శేషమూ, దాని అంకెల మొత్తాన్ని 9తో భాగిస్తే వచ్చే శేషమూ ఒకటే. మారేది మధ్యలో ఈ మాస్టర్ నంబర్ కనబడడం, కనబడకపోవడం మాత్రమే. కూడే పద్ధతి మారితే పోయే గొప్పతనం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. జోడీ చూసేటప్పుడు 6 అనే అనుకోండి.

ఇప్పుడు అసలు గొడవ. యాప్‌లో ఉన్నది పాశ్చాత్యుల పట్టిక. వాళ్లు అంకెల్ని మూడు గుంపులు చేశారు: 1-5-7 ఒకటి, 2-4-8 ఒకటి, 3-6-9 ఒకటి. ఒకే గుంపులో వాళ్లు సహజంగా కలుస్తారని వాళ్ల లెక్క. 3, 6 ఒకే గుంపు కాబట్టి సూపర్ అని వచ్చింది. ఇందులో గ్రహాల పేచీ లేదు.

కర్నూలు ఆయన చదివింది మన పట్టిక. మన దగ్గర అంకెకొక గ్రహం ఉంటుంది. 1 సూర్యుడు, 2 చంద్రుడు, 3 గురువు, 4 రాహువు, 5 బుధుడు, 6 శుక్రుడు, 7 కేతువు, 8 శని, 9 కుజుడు. 3 దేవతల గురువు బృహస్పతి, 6 రాక్షసుల గురువు శుక్రాచార్యుడు. ఇద్దరికీ ఎట్లా పొసుగుతుంది అనేది ఆయన వాదన. వినడానికి బాగుంటుంది, నాన్నలాంటి వాళ్లకు వెంటనే ఎక్కుతుంది కూడా.

కానీ జ్యోతిషంలో ఈ శత్రుత్వం రెండు వైపులా సమానంగా లేదు. గ్రహమైత్రి పట్టికలో గురువుకు శుక్రుడు శత్రువే. శుక్రుడికి మాత్రం గురువు శత్రువు కాడు, సముడు. అంటే మిత్రుడూ కాదు, పగవాడూ కాదు. నంబర్లలో చదివితే అమ్మాయి 3 వైపు నుంచి చిరాకు ఉండొచ్చు, అబ్బాయి 6 వైపు నుంచి ప్రత్యేకంగా ఏమీ లేదు. ఇది ఆయనకు తెలియక కాదు. పట్టికను రెండు వైపుల నుంచీ చదివితే పేరు మార్చే పని ఉండదు.

భాగ్యాంకం ఒక్కటే చూసి తీర్పు చెప్పడం కూడా సగం పనే. పుట్టిన తేదీ అంకె ఒకటి ఉంటుంది, దాన్ని మూలాంకం అంటారు. నెల, సంవత్సరం వదిలేసి తేదీ మాత్రమే తగ్గిస్తారు. 18వ తేదీ అంటే 9, 24వ తేదీ అంటే 6. మా ఆఫీసులో పాతాయన ఒకరు ఉండేవారు. రోజూ ఇంట్లో ఎలా ఉంటారో మూలాంకం చెప్తుంది, బతుకు ఏ దారిన పోతుందో భాగ్యాంకం చెప్తుంది అనేవారు. అందుకని ముందు మూలాంకాలు కలిపి చూసేవారు. మీ జోడీలో అవి 9, 6. కుజుడు, శుక్రుడు ఒకరికొకరు సములు. గొడవ లేదు. పాశ్చాత్యుల పట్టికలో అయితే ఇవీ ఒకే గుంపు.

జోడీ చదవడమంటే పట్టికలో పచ్చ గడి వచ్చిందా, ఎర్ర గడి వచ్చిందా అని చూడడం కాదు. ఆ అంకె వాళ్లకు ఏం కావాలంటారో చూసి, రెండూ ఎక్కడ రాసుకుంటాయో ఆలోచించాలి. 3 వాళ్లకు మాట కావాలి, నలుగురు కావాలి, మనసులో ఉన్నది బయటికి అనేయాలి. 6 వాళ్లకు ఇల్లు ముఖ్యం, బాధ్యత ముఖ్యం. అందరినీ చూసుకుంటారు, కానీ చూసుకునే పేరుతో సరిదిద్దుతుంటారు కూడా. ఈ ఇద్దరి మధ్య రావలసిన గొడవ, వస్తే, ఇదిగో ఇలాంటిది: ఆమె స్నేహితులతో గంటసేపు ఫోన్‌లో మాట్లాడుతుంది, ఆయన 'అన్నం చల్లారిపోతోంది' అంటాడు. ఆయన ప్రేమగానే అంటాడు, ఆమెకు మందలింపుగా వినిపిస్తుంది. మూలాంకం 9 వల్ల ఆమెకు ఇంకొకటి ఉంటుందంటారు. బయటివాళ్లకు సాయం చేసే గుణం. 6 పెట్టేది ఇంటికి, 9 పెట్టేది ఊరికి. డబ్బు విషయంలో అడగాలంటే ఈ ఒక్కటి అడిగించండి, మిగతావి వదిలేయండి.

పేరు మార్చడం సంగతి. ఆయన తప్పు పట్టింది భాగ్యాంకంలో. భాగ్యాంకం పుట్టిన తేదీ నుంచి వస్తుంది. పేరు స్పెల్లింగ్‌లో ఒక A ఎక్కువ పెట్టినా, రెండు తీసేసినా మారేది నామ సంఖ్య, అది వేరే లెక్క. 39 అలాగే 39గానే ఉంటుంది. పడదన్న చోట మందు వేయకుండా పక్కన వేస్తున్నట్టు. పైగా ఆధార్, పాన్, సర్టిఫికెట్లు ఒకదానికొకటి సరిపోక రేపు పాస్‌పోర్టుకు పోయినప్పుడు తిరగాల్సింది మీ చెల్లెలే.

నా సొంత సంగతి చెప్తాను, నవ్వుకోండి. నేను 13-2-1991. కూడితే 26, అంటే 8. మా ఆయన బయోడేటాలో తేదీ 1-6-1988. కూడితే 33, అంటే 6. శుక్రుడు, శని మిత్రులు, బ్రహ్మాండమని మా వాళ్లు ఒప్పుకున్నారు. పెళ్లయిన ఏడాదికి మా అత్త ఒకరోజు మాటల్లో అనింది: "జూన్ యాడిదమ్మా, వాడు శ్రావణమాసంలో పుట్టినాడు. పౌర్ణమికి ముందు ఆదివారం." మన వైపు మీకు తెలిసిందే కదా, బళ్లో చేర్చేటప్పుడు వయసు నిండాలని అయ్యవార్లే జూన్ 1 అనో జూలై 1 అనో రాసేసేవాళ్లు. పాత పంచాంగం తీసి చూస్తే ఆ ఆదివారం 21-8-1988. కూడితే 37, అంటే 10, అంటే 1. సూర్యుడు, శని. తండ్రీకొడుకులైనా ఒకరి ముఖం ఒకరు చూసుకోరని చెప్పే 1-8 జోడీ! నేను బయోడేటాల మీద ఎర్ర పెన్సిల్‌తో గీత గీసే జోడీ అది. ఇంటిదాకా వచ్చాక ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత కూర్చుని ఒక లెక్క వేశాను. అమ్మాయి తొమ్మిది అంకెలు, అబ్బాయి తొమ్మిది అంకెలు, మొత్తం 81 రకాల జోడీలు. అందులో 1-8, 8-1 రెండు. అంటే సుమారు నలభై పెళ్లిళ్లలో ఒకటి ఈ జోడీయే. కడప జిల్లాలో ఒక్క ముహూర్తానికి ఎన్ని పెళ్లిళ్లవుతాయో మీరే చూడండి. అవన్నీ విరిగిపోవడం నేనైతే చూడలేదు. మాకూ గొడవలు లేవని కాదు, ఉన్నాయి. శని వల్ల వచ్చినవి తక్కువ, ఆడపడుచు చీటీల వల్ల వచ్చినవి ఎక్కువ.

కాబట్టి నాన్నకు చూపించాలంటే ముందు తేదీ నిజమైనదా అని తేల్చుకోండి. 24-3 అని ఉంది, జూన్ 1 కాదు, అంతవరకు నయం. కానీ అబ్బాయి ఏ వేళకు పుట్టాడో వాళ్లమ్మను అడిగించండి. మన పెద్దవాళ్లకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. తెల్లవారుజామున మూడింటికి పుడితే 'శుక్రవారం రాత్రి, 24వ తేదీ' అనే చెప్తారు. ఇంగ్లీషు తేదీ మాత్రం అర్ధరాత్రికే 25కు మారిపోయి ఉంటుంది. ఈ నంబర్ల లెక్క నడిచేది ఇంగ్లీషు తేదీ మీదే. 25-3-1995 కూడి చూడండి, 34 వస్తుంది, అంటే 7. అప్పుడు అబ్బాయి శుక్రుడూ కాడు, 33 కూడా కాదు. కర్నూలు ఆయన ఇంకో కారణం వెతుక్కోవాలి.