అర కిలో ప్యాకెట్ మానేశాకే షిప్పింగ్ లెక్క కుదిరింది

ప్రశ్న: మాది అనంతపురం. అమ్మ చేసే ఊరగాయలు ఇన్నాళ్లూ వాట్సాప్‌లోనే అమ్మాం. ఇప్పుడు వూకామర్స్‌తో సైటు మొదలుపెట్టాను. షిప్పింగ్ చార్జీ ఎంత పెట్టాలో, ప్రొడక్ట్ పేజీలో ఏమేం రాయాలో, ఏ పేమెంట్ గేట్‌వే తీసుకోవాలో తేలడం లేదు. చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

జవాబు:

మాది కర్నూలు. మా అత్త చేతి ఊరగాయలు మూడేళ్లుగా సొంత సైటులో అమ్ముతున్నాను. మీ మూడు ప్రశ్నల్లో డబ్బు పోయేది షిప్పింగ్ దగ్గరే, కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను.

నేను మొదట అర కిలో ప్యాకెట్లు పెట్టాను, అందరూ పెట్టేదే కదా అని. హైదరాబాదుకు, బెంగళూరుకు నాకు కుదిరిన కొరియర్ రేటు పన్నుతో కలిపి మొదటి అర కిలోకు 60 రూపాయలు, ఆపైన ప్రతి అర కిలోకు 45. అందుకని సైటులో ఒక్క ప్యాకెట్‌కు 60 రూపాయలు తీసుకునేదాన్ని. నెల తిరిగేసరికి కొరియర్ వాలెట్లో డబ్బు అనుకున్నదానికంటే చాలా ముందే అయిపోయింది. బిల్లులు తీసి చూస్తే ఒక్కో పార్శిల్‌కు 105 పట్టుకున్నారు.

మోసమేమీ కాదు, నేనే లెక్క చూసుకోలేదు. ఊరగాయ 500 గ్రాములు. పౌచ్, కారినా బయటికి రాకుండా దాని మీద ఇంకో కవరు కలిపి 20 గ్రాములు. అట్టపెట్టె 45, టేపూ అడ్రస్ కాగితమూ 5. మొత్తం 570. కొరియర్ వాళ్లు అర కిలో దాటితే కిలోకు లెక్క కడతారు. అంటే ప్రతి పార్శిల్‌కు 45 రూపాయలు నా చేతి నుంచి పోతున్నాయి. రెండు ప్యాకెట్లు పంపినా అంతే, కిలో దాటి కిలోన్నర లెక్కలోకి పోయేది. అర కిలో ప్యాకెట్‌తో ఎన్ని పంపినా ఒక మెట్టు ఎక్కువే పడుతుంది.

అందుకే ప్యాకెట్‌ను 400 గ్రాములకు మార్చాను. మా అత్త ఒప్పుకోలేదు. "అర కిలో ఇచ్చేదానికి నాలుగొందల గ్రాములు పోస్తే జనం ఏమనుకుంటారు?" అంది. ధర కూడా దానికి తగ్గట్టే 220 చేశాం. లేబుల్ మీద గ్రాముకు ఎంత పడుతుందో ఎలాగూ వేయాలి కాబట్టి 55 పైసలని వేశాం. ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు.

ఇప్పుడు చూడండి. ఒక ప్యాకెట్ అన్నీ కలిపి 470 గ్రాములు, అర కిలో లోపలే. రెండు కలిపి ఒక పెట్టెలో పెడితే 930 దాకా వస్తుంది, కిలో లోపల. మూడు పెడితే దాదాపు 1,400, కిలోన్నర లోపల. ప్యాకెట్‌కు ఒక మెట్టు చొప్పున సరిపోతోంది. అందువల్ల బరువును బట్టి చార్జీ వేసే ప్లగిన్ కొనాల్సిన పని లేకుండా పోయింది. వూకామర్స్‌లో ఉన్న Flat rate లో Cost అనే గడిలో ఇది రాస్తే చాలు:

```
15 + (45 * [qty])
```

ఒక ప్యాకెట్‌కు 60, రెండింటికి 105, మూడింటికి 150. కొరియర్ బిల్లుతో అచ్చంగా సరిపోతుంది. మీ రేట్లు వేరే ఉంటాయి, అంకెలు మార్చుకోండి. ఒక జాగ్రత్త: `[qty]` అనేది కార్ట్‌లో ఉన్న వస్తువులన్నింటినీ లెక్కపెడుతుంది. మీరు 100 గ్రాముల కారప్పొడి కూడా అమ్మితే దానికీ 45 పడుతుంది. అప్పుడు ఊరగాయకు ఒకటి, పొడికి ఒకటి Shipping class పెట్టండి. Cost గడిలో ఒట్టి 15 ఉంచి, లోపల క్లాసుల దగ్గర ఊరగాయకు `45 * [qty]`, పొడికి తక్కువ అంకె వేసుకోండి.

పెట్టె కొలత కూడా చూసుకోవాలి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే అంకెను కిలోలుగా తీసుకుంటారు. అదీ, అసలు బరువూ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. నేను మొదట్లో బజారులో చవగ్గా దొరికాయని 22, 16, 12 కొలత పెట్టెలు వంద తెచ్చాను. గుణిస్తే 4224, భాగిస్తే 0.84. లోపల 470 గ్రాములే ఉన్నా కిలో బిల్లే వచ్చేది. ఇప్పుడు ఒక ప్యాకెట్‌కు 16, 12, 10 పెట్టె వాడుతున్నాను, అది 0.38 దగ్గర ఆగుతుంది. పార్శిల్ ఉబ్బితే హబ్బులో మిషను కొలత ఎక్కువ చూపిస్తుంది, నాలుగు రోజుల తర్వాత తేడా డబ్బు వాలెట్లోంచి కోస్తారు. కాటా మీద పెట్టిన ఫోటో, టేపుతో కొలిచిన ఫోటో మీ దగ్గరుంటే దాన్ని వెనక్కి అడగవచ్చు. లేకపోతే ఊరుకోవాల్సిందే. గాజు సీసాల జోలికి పోకండి. పగలడం అటుంచి, సీసా బరువే ఇంకో మెట్టు ఎక్కిస్తుంది.

Shipping zones లో నేను చేసిన తప్పు మీరు చేయకండి. India అనే జోన్‌ను అన్నిటికంటే పైన పెట్టాను. వూకామర్స్ పై నుంచి కిందికి చూసుకుంటూ వచ్చి మొదట సరిపోయిన దగ్గరే ఆగిపోతుంది. దాంతో కర్నూలు వాళ్లకు కూడా ఢిల్లీ చార్జీ చూపించింది. ముందు మీ ఊరు (పిన్ కోడ్ గడిలో `515*` అని వేస్తే మీ వైపు పిన్‌కోడ్లు వస్తాయి), తర్వాత ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, చివరికి మిగతా దేశం. ఈశాన్య రాష్ట్రాలకు, కశ్మీరుకు కొరియర్ రేటు వేరే ఉంటుంది కాబట్టి వాటికి విడిగా ఒక జోన్ చేసి, మిగతా దేశం కంటే పైన పెట్టండి.

ఇక్కడే జీఎస్టీ మాట ఒకటి చెప్పాలి, ఎందుకంటే మన వైపు వాళ్లందరూ దీని దగ్గరే ఇరుక్కుంటారు. సరుకు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షల అమ్మకాల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ చెబుతారు. అది రాష్ట్రం లోపల అమ్మేవాళ్లకు. పన్ను ఉన్న సరుకు ఇంకో రాష్ట్రానికి అమ్మితే మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి. మాకు తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ, మీకు హిందూపురం దాటితే కర్ణాటక. మన గిరాకీ అంతా హైదరాబాదు, బెంగళూరు. పైగా చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపొజిషన్ పద్ధతిలో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. కాబట్టి సైటు తెరిచే ముందే ఒక అకౌంటెంట్‌ను కలవండి. అది తేలేదాకా ఒక్క ఆంధ్ర జోన్ మాత్రమే తెరిచి ఉంచుకోవచ్చు.

ప్రొడక్ట్ పేజీకి వస్తే, ఫోటో కంటే నాకు పనికొచ్చింది ప్రశ్నలు ఆపే వివరాలు. ఏ నూనె, వెల్లుల్లి ఉందా లేదా, ఎంత కారం, తెరిచాక ఎన్నాళ్లు ఉంటుంది. వాట్సాప్‌లో జనం అడిగేవన్నీ ఇవే. నూనె సంగతి తప్పకుండా రాయండి. మన ఇళ్లలో బుడ్డల నూనె పోయడం మామూలే, కానీ వేరుశనగ పడనివాళ్లకు అది ప్రమాదం. లేబుల్ మీద, పేజీలో రెండు చోట్లా ఉండాలి. నికర బరువు, అన్ని పన్నులతో ధర, వాడినవన్నీ, తయారు చేసినవాళ్ల అడ్రస్, పచ్చ చుక్క, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు కూడా వేయండి. ఇంకోటి, పేర్లు. కొందరు కొరివికారం అంటారు, ఇంకొందరు దాన్నే పండుమిరపకాయ పచ్చడి అని వెతుకుతారు. పేజీలో రెండు పేర్లూ రాశాక ఆ ఒక్కటే నాకు బాగా కదిలింది. షిప్పింగ్ ఎంతో కూడా ధర కిందే ఒక లైన్లో రాసేయండి. చివర్లో హఠాత్తుగా 60 రూపాయలు కనబడితే సగం మంది అక్కడే వదిలేసి పోతారు, నా సైటులో అదే జరిగింది.

పేమెంట్ గేట్‌వే గురించి జనం అవసరానికి మించి ఆలోచిస్తారు. రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ లాంటివి మన స్థాయికి దాదాపు ఒకటే. మామూలుగా 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. రెండు ప్యాకెట్లు హైదరాబాదుకు అయితే 440కి షిప్పింగ్ 105 కలిపి 545. దాని మీద 10.90, పన్ను 1.96, మొత్తం 12.86 పోతుంది. షిప్పింగ్ డబ్బు మీద కూడా కోత పడుతుందని గమనించండి. ఆర్డర్ రద్దు చేసి మొత్తం 545 వెనక్కి ఇచ్చినా నాకు ఆ 12.86 తిరిగి రాలేదు. యూపీఐకి ఎండీఆర్, అంటే వ్యాపారి దగ్గర కోసే చార్జీ, 2020 నుంచి సున్నా, అయినా ప్లాట్‌ఫారం ఫీజు అని వేరే పేరుతో తీసుకునేవాళ్లున్నారు. ఎంచుకునే ముందు మీరు అడగాల్సింది ఇదొక్కటే: యూపీఐ మీద నాకెంత పడుతుంది? నాకు పదిలో ఎనిమిది ఆర్డర్లు యూపీఐవే. రెండోది విదేశీ కార్డులు. అమెరికాలో ఉన్న కొడుకు కర్నూల్లో అమ్మానాన్నలకు పంపించమని కొంటాడు. దాన్ని విడిగా అడిగి తెరిపించుకోవాలి, కోత కూడా ఎక్కువే.

గేట్‌వే వాళ్లు మీ సైటు చూశాకే అనుమతిస్తారు. రీఫండ్, షిప్పింగ్, ప్రైవసీ, కాంటాక్ట్ పేజీలు నింపి ఉండాలి. నా రీఫండ్ పేజీ ఖాళీగా ఉందని మొదటిసారి తిప్పి పంపారు.

క్యాష్ ఆన్ డెలివరీ నేను మూసేశాను. మే నెలలో బెంగళూరు పోయిన పార్శిల్ ఒకటి తీసుకునేవాళ్లు ఫోను ఎత్తక పదహారు రోజులకు వెనక్కి వచ్చింది. రానూపోనూ చార్జీ నాదే. పెట్టె నూనెతో నానిపోయి మెత్తబడింది, ఆ ఊరగాయ మళ్లీ అమ్మలేం కదా.

ఇక నాకు బాగా టెన్షన్ పెట్టింది ఒకటుంది. కస్టమరు డబ్బు కట్టారు, బ్యాంకు మెసేజ్ కూడా చూపించారు, నా దగ్గర మాత్రం ఆర్డర్ Cancelled. యూపీఐలో డబ్బు కట్టి వెంటనే బ్రౌజర్ మూసేస్తే, డబ్బు అందిందన్న సంగతి సైటుకు చేరాలంటే గేట్‌వే డాష్‌బోర్డులో Webhook పెట్టి ఉండాలి. నేను పెట్టలేదు. వూకామర్స్‌లో Hold stock (minutes) అనేది మామూలుగా 60 ఉంటుంది. ఆ గంటలో సంగతి తెలియకపోతే ఆర్డర్‌ను అదే రద్దు చేస్తుంది. సైటు తెరిచే ముందు 10 రూపాయల వస్తువు ఒకటి పెట్టి, ఇంట్లో వేరే వాళ్ల ఫోన్లోంచి కొనండి. డబ్బు కట్టగానే సైటుకు తిరిగి రానివ్వకుండా ఆ పేజీ మూసేయండి. కాసేపటికి ఆర్డర్ Processing అని మారితే వెబ్‌హుక్ పనిచేస్తున్నట్టు. Pending payment అనే ఉంటే వెబ్‌హుక్ అడ్రస్ తప్పు పడి ఉండొచ్చు, అది సరిచేసి మళ్లీ ఇంకో పది రూపాయలతో చూడండి.