నెల్లూరు, ప్రకాశం జిల్లాల యూట్యూబ్ వార్తా ఛానళ్లపై పరిశోధన: గైడుకు రాసే తొలి మెయిల్

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. పరిశోధనతో కూడిన ఎం.ఏ. కోసం విదేశీ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేస్తున్నాను. గైడుగా ఉండగల ప్రొఫెసర్‌కు ముందే మెయిల్ పెట్టమంటున్నారు. తెలుగు వీడియో న్యూస్ ఛానళ్ల మీద పని చేస్తానని నలుగురికి రాశాను, ఒక్కరూ జవాబివ్వలేదు. మెయిల్‌లో అంశాన్ని ఎలా పరిచయం చేయాలి?

జవాబు:

నేను కావలిలో మూడేళ్లపాటు ఒక యూట్యూబ్ వార్తా ఛానల్‌కు కంట్రిబ్యూటర్‌గా పనిచేసి, ఆ తరువాత దాదాపు ఇదే అంశంపై ఇలాంటి మెయిళ్లు రాసినవాడిని. మొదటి మెయిల్‌ను ఐదుగురికి పంపితే జవాబు రాలేదు. దానిని పూర్తిగా తిరగరాసి ఆరవవారికి పంపినప్పుడు నాలుగు రోజులకు మూడు ప్రశ్నలతో జవాబు వచ్చింది. రెండు మెయిళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే నా ఇంగ్లీషు ఏమీ మెరుగుపడలేదు. అంశం హద్దులు మాత్రం మారాయి.

మొదటి మెయిల్‌లో ఒక పేరా అంతా చరిత్రే. దూరదర్శన్‌తో మొదలుపెట్టి, 2003 చివర్లో వచ్చిన ఈటీవీ2, 2004లో వచ్చిన టీవీ9 మీదుగా యూట్యూబ్ దాకా వచ్చి, 'ప్రాంతీయ భాషా వీడియో వార్తా ఛానళ్లు ప్రజలపై చూపుతున్న ప్రభావాన్ని' అధ్యయనం చేస్తానని ముగించాను. ఇందులో రెండు మాటలు నన్ను దెబ్బతీశాయని తరువాత అర్థమైంది. 'ప్రాంతీయ భాష' అన్నది ఢిల్లీలో కూర్చుని చూసేవారి మాట. 2011 జనాభా లెక్కల ప్రకారం ఎనిమిది కోట్లకు పైగా మనుషులకు మాతృభాష అయిన తెలుగును ఆ పేరుతో పరిచయం చేస్తే, బయటి దేశపు ప్రొఫెసర్ ఏదో చిన్న సముదాయం నడుపుకొనే ప్రసారాలను ఊహించుకుంటారు. పైగా ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు వ్యవస్థలు కలిసిపోతాయి: హైదరాబాద్ నుంచి నడిచే శాటిలైట్ ఛానళ్లు, పట్టణాల్లోని లోకల్ కేబుల్ ఛానళ్లు, ఒక ఫోను, ఒక మైకు, దానికి తగిలించిన లోగోతో నడిచే మండలస్థాయి యూట్యూబ్ ఛానళ్లు. ఇక 'ప్రభావం' అంటే ప్రేక్షకులను అడిగి తేల్చవలసిన విషయం. ఒకటి రెండేళ్ల ఎం.ఏ.లో ఒక్క విద్యార్థి చేయగలిగిన పని కాదని చదివిన మరుక్షణమే వారికి తెలిసిపోతుంది.

రెండవ మెయిల్‌కు ముందు నేను నా పనిలోనే చూసిన ఒక విషయాన్ని పట్టుకున్నాను. పొగాకు ధర పడిపోయి రైతులు వేలం ఆపేసినప్పుడు పొదిలి, కందుకూరు, కలిగిరి వంటి వేలం కేంద్రాల నుంచి వచ్చే వీడియోలను గమనించండి. రైతులు తెరనిండా ఉంటారు, చేతులు ఊపుతుంటారు, వారి మీద మన వాయిస్ ఓవర్ నడుస్తుంటుంది. మైకు ముందుకు వచ్చి మాట్లాడే అవకాశం, అంటే మనం బైట్ అనేది, అధికారికో నాయకుడికో దక్కుతుంది. దీనికి కారణం కుట్ర కాదు. నాయకుడి బైట్ ఒక్క టేకులో వస్తుంది, ఆయన అనుచరులు ఆ లింకును పదిమందికి పంపుతారు, సంక్రాంతికి శుభాకాంక్షల ప్రకటన కూడా ఆయన దగ్గర నుంచే రావాలి. కాబట్టి నా ప్రశ్నను 'ఈ వీడియోల్లో ఎవరు కనిపిస్తారు, వారిలో ఎవరి మాట ఎన్ని సెకన్లు వినిపిస్తుంది' అన్నదానికి కుదించాను. దీనిని గడియారం పెట్టి కొలవవచ్చు, మరొకరు మళ్లీ కొలిచి సరిచూడవచ్చు.

ఆ మెయిల్ ఇంగ్లీషులో రాసినది. దాని తెలుగు ఇది:

'విషయం: పరిశోధన ఎం.ఏ. దరఖాస్తు – ఆంధ్రప్రదేశ్‌లోని రెండు జిల్లాల యూట్యూబ్ వార్తల్లో ఎవరి మాట వినిపిస్తుంది?

గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి,

రాబోయే విద్యాసంవత్సరానికి మీ విభాగంలో పరిశోధన ఎం.ఏ.కు దరఖాస్తు చేయదలచి ఈ ఉత్తరం రాస్తున్నాను. స్థానిక పత్రికల్లో అధికారుల మాటకూ సామాన్యుల మాటకూ దక్కే చోటుపై మీరు రాసిన వ్యాసం చదివాను. అందులోని వర్గీకరణను మా జిల్లా వీడియో వార్తలకు వాడి చూసినప్పుడు, తెరపై కనిపిస్తూ మాట వినిపించని మనిషిని ఏ వర్గంలో చేర్చాలో తేలలేదు. నా అధ్యయనం ఆ ఇబ్బంది నుంచే మొదలవుతుంది.

టెలివిజన్‌లో రాకుండా కేవలం యూట్యూబ్‌లో నడుస్తూ, ఒక పట్టణం, దాని చుట్టుపక్కల మండలాల వార్తలను తెలుగులో ఇచ్చే ఆరు ఛానళ్లను తీసుకుంటాను. ఆరు నెలల కాలం నుంచి వారంలోని ప్రతి రోజుకూ రెండేసి తేదీలను చీటీ తీసినట్లు ఎంచుకుని, ఆ పద్నాలుగు రోజుల వీడియోలలో ప్రతి బైట్‌కూ మాట్లాడినది ఎవరు, ఎన్ని సెకన్లు అన్నది నమోదు చేస్తాను. ఆ తరువాత ఆ వీడియోలు తీసినవారిలో ఎనిమిది మందిని ఇంటర్వ్యూ చేస్తాను.

నేను ఈ జిల్లాల్లో ఒకదానిలో మూడేళ్లు ఇటువంటి ఛానల్‌లో పనిచేశాను. నేను పనిచేసిన ఛానల్‌ను ఈ ఆరింటిలో చేర్చలేదు. ఒక పేజీ ప్రతిపాదనను జతచేశాను. ఈ అంశంపై మీరు వచ్చే ఏడాది విద్యార్థిని తీసుకోగలరా అన్నది తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.'

వారి వ్యాసాన్ని పొగడకుండా, అది మన వీడియోల దగ్గర ఎక్కడ సరిపోలేదో ఒక్క వాక్యంలో చెప్పడం ఈ మెయిల్‌లో ఎక్కువ పని చేసిందని నా అభిప్రాయం. ఆ వాక్యం కోసం నేను వ్యాసాన్ని రెండుసార్లు చదివి, ఒక రోజంతా పది వీడియోల మీద దానిని ప్రయత్నించవలసి వచ్చింది. ప్రొఫెసర్ పేరు మార్చి ఆ మెయిల్‌ను ఇంకొకరికి పంపడం కుదరదు.

వారు తిరిగి అడిగిన ప్రశ్నలలో మొదటిది, జిల్లా హద్దు ఏదన్నది. నాకు అది తట్టనే లేదు. 2022 ఏప్రిల్ పునర్విభజనలో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి, అద్దంకి, చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. అయినా ఛానళ్ల పేర్లూ, వాటి వార్తల పరిధీ పాత జిల్లా ప్రకారమే కొనసాగుతుండేవి. అందుకే జిల్లా పేరును ప్రమాణంగా తీసేసి, 'ఒక నెల వీడియోలలో సగానికి మించి ఏ పట్టణం, దాని పొరుగు మండలాల నుంచి వచ్చాయో ఆ పట్టణపు ఛానల్' అని నిర్వచనం మార్చాను.

రెండవ ప్రశ్న వ్యూస్ గురించి. ప్రతిపాదనలో ఎక్కువ వ్యూస్ వచ్చిన వీడియోలను విడిగా చూస్తానని ఒక వాక్యం ఉండేది. మామూలు వీడియో వ్యూనూ షార్ట్ వ్యూనూ ఒక్క గాటన కట్టవచ్చా అని వారు అడిగారు. దానికి నా దగ్గర సమాధానం లేక ఆ వాక్యాన్నే తీసేశాను. ఇప్పుడు రాసేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి: 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైన ప్రతిసారీ, తిరిగి తిరిగి ఆడిన ప్రతిసారీ యూట్యూబ్ దానిని ఒక వ్యూగా లెక్కిస్తున్నది, అందువల్ల ఆ తేదీకి ముందూ తరువాతా ఉన్న అంకెలను పోల్చలేము.

మూడవ ప్రశ్న అన్నిటికన్నా పదునైనది: తొలగించిన వీడియోల సంగతేమిటి? ఈ పనిలో ఉన్నవారికి ఇది తెలియని విషయం కాదు. ఒక దుకాణం మీదో ఆసుపత్రి మీదో ఉదయం వీడియో పెడతారు, సాయంత్రానికి మాటలు కుదురుతాయి, వీడియో ప్రైవేటులోకి వెళ్లిపోతుంది. ఆరు నెలల తరువాత వెనక్కి వెళ్లి జాబితా తీస్తే మిగిలి ఉన్నవే దొరుకుతాయి, అంటే గొడవ లేని వార్తలే ఎక్కువగా దొరుకుతాయి. అప్పుడు సామాన్యుడి ఫిర్యాదు వినిపించడం లేదని నేను తేల్చినా, అసలు తీయలేదో, తీసి తొలగించారో చెప్పలేను.

దీనికి పరిష్కారంగా తేదీలను గడిచిన కాలం నుంచి కాక, రాబోయే ఆరు నెలల నుంచి ముందే ఎంచుకున్నాను. ఎంచుకున్న తేదీ వచ్చినప్పుడు ఆ రాత్రే ప్రతి ఛానల్ అప్‌లోడ్ల జాబితాను తీసుకోవాలి. దీనికి, ప్రోగ్రాము ద్వారా యూట్యూబ్‌ను వివరాలు అడిగే మార్గమైన యూట్యూబ్ డేటా ఏపీఐలోని `search.list` వాడితే ఒక్కో అభ్యర్థనకు 100 యూనిట్లు పోతాయి. రోజు మొత్తానికి ఇచ్చేది 10,000 యూనిట్లే. అదే `playlistItems.list` అయితే ఒక్క యూనిట్‌కు 50 వీడియోల వివరాలు వస్తాయి, పైగా వెతుకులాటలో లాగా కొన్ని జారిపోయే భయం తక్కువ. ఛానల్ గుర్తింపు సంకేతంలో మొదటి `UC` స్థానంలో `UU` పెడితే ఆ ఛానల్ అప్‌లోడ్ల ప్లేలిస్ట్ సంకేతం వస్తుంది. నెల తరువాత అవే వీడియోలను `videos.list` తో మళ్లీ అడిగితే, కనబడకుండా పోయినవి జవాబులో ఉండవు. అయితే అవి ప్రైవేటులోకి వెళ్లాయా, పూర్తిగా తీసేశారా అన్నది దీనితో తెలియదు. ఆ మాట కూడా ప్రతిపాదనలో రాయండి.

అనుమతి లేకుండా వీడియోలను డౌన్‌లోడ్ చేసి దాచడం యూట్యూబ్ నిబంధనలకు విరుద్ధం కనుక, లెక్కను కూడా ఆ రాత్రే వేసుకోవాలి. ఛానల్‌కు రోజుకు సుమారు ఎనిమిది, ఒక్కోటి రెండున్నర నిమిషాలు అనుకుంటే, ఆరు ఛానళ్లకు 48 వీడియోలు, చూడడానికే రెండు గంటలు. ఆపుతూ సెకన్లు నమోదు చేయడానికి ఆరు గంటల దాకా పడుతుంది. పద్నాలుగు రోజులకే పరిమితం చేయడానికి కారణం ఇదే. ఆ రాత్రుల్లో మరో తెలుగు మిత్రుడు ఐదేసి వీడియోలను నాతో సంబంధం లేకుండా లెక్కవేసేటట్లు ఏర్పాటు చేశాను. ఇద్దరి లెక్క ఎంతవరకు కలిసిందో చూపడానికి ఆ డెబ్బై వీడియోలు సరిపోతాయి. తెలుగు రాని గైడు మన లెక్కను నమ్మడానికి ఇంతకు మించిన ఆధారం ఇవ్వలేము.

మీరు ఏదైనా ఛానల్‌లో పనిచేసి ఉంటే ఆ విషయాన్ని మొదటి మెయిల్‌లోనే చెప్పండి. ఇంటర్వ్యూల సమయంలో పాత పరిచయాలు ఎలాగూ బయటపడతాయి, నైతిక అనుమతి పత్రంలో ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది. నన్ను అడిగినప్పుడు, నా పాత ఛానల్‌ను ఆ ఆరింటిలో చేర్చలేదని చెప్పిన వాక్యం అప్పటికే వారి దగ్గర ఉంది.