ఒక్కసారే కనిపించే ఫోటోని స్క్రీన్‌షాట్ తీస్తే తెలుస్తుందా?

"వాట్సాప్‌లో వ్యూ వన్స్ పెట్టి ఫోటో పంపాను. అవతలివాళ్లు స్క్రీన్‌షాట్ తీస్తే నాకు తెలుస్తుందా?"

తెలియదు. వాట్సాప్ మీకు కబురు పంపదు, ఫోన్లో స్క్రీన్‌షాట్‌నే అడ్డుకుంటుంది. మీకు కనిపించేది "తెరిచారు" అన్న గుర్తు మాత్రమే. 14 రోజుల్లో తెరవకపోతే ఫోటో దానంతటదే పోతుంది. వాయిస్ మెసేజ్‌కి ఈ సదుపాయం 2023 డిసెంబర్‌లో వచ్చింది. ఒక్కసారి వింటే మళ్లీ వినలేరు.

స్నాప్‌చాట్ పద్ధతి వేరు. అక్కడ స్నాప్‌ని స్క్రీన్‌షాట్ తీసినా, మళ్లీ చూసినా పంపినవాళ్లకు చాట్‌లోనే తెలుస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో మాయమయ్యే ఫోటోలకూ అలాంటి గుర్తు ఉంది.

అసలు టెన్షన్ మాత్రం వేరే చోట ఉంది. తెరిచిన ఫోటో ముందు ఇంకో ఫోన్ పెట్టి క్లిక్ కొడితే, వాయిస్ మోగుతుంటే పక్కన రికార్డ్ చేస్తే, ఏ యాప్‌కీ తెలియదు. దయచేసి ఓటీపీ, ఆధార్ ఫోటో లాంటివి దీన్ని నమ్మి పంపకండి.