వరద బులెటిన్ల జతల్లో వరస తప్పితే

ప్రశ్న: ధవళేశ్వరం వరద బులెటిన్ల ఇంగ్లిష్, తెలుగు ప్రతులను వాక్యాలుగా విడగొట్టి, వరస నంబరు ప్రకారం జతకట్టాను. రెండు భాషల వాక్యాల అర్థం ఎంత దగ్గరగా ఉందో చెప్పే `LaBSE` మోడల్ స్కోర్లు బాగున్నా జతలు తప్పుగా ఉన్నాయి. ఎందుకు?

ఎక్కడో రెండు ఇంగ్లిష్ వాక్యాలు తెలుగులో ఒకటైపోయి ఉంటాయి. అక్కడి నుంచి చివరిదాకా అన్నీ ఒక్కో వాక్యం జరిగిపోతాయి. మామూలు వార్తల్లో అయితే స్కోరు పడిపోయి దొరికేస్తుంది. బులెటిన్లో దొరకదు. మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75, అంకె తప్ప వాక్యమంతా ఇంచుమించు ఒకటే. `LaBSE` అర్థం చూస్తుంది గానీ అంకెల తేడాను పెద్దగా పట్టించుకోదు.

రెండు వాక్యాలకు ఒకటి కుదిరినా ఒప్పుకునే `Vecalign` లాంటి దానితో మళ్లీ జతకట్టండి. తర్వాత రెండు వైపులా అంకెలు తీసి పోల్చండి:

```python
re.findall(r"\d+(?:\.\d+)?", s)
```

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఇంగ్లిష్‌లో 1 మిలియన్ క్యూసెక్కులు, తెలుగులో 10 లక్షలు. ఉత్త అంకెలు పోల్చేసరికి మంచి జతలే ఎగిరిపోయాయి. లక్ష, మిలియన్ లాంటివన్నీ ముందు పూర్తి సంఖ్యలోకి, అంటే 1000000కి, మార్చాకే పోల్చాలి. ‘రెండో’ అని అక్షరాల్లో ఉన్నవి మాత్రం దీనికి చిక్కవు. వాటికి విడిగా చిన్న పట్టిక రాసుకోవాల్సిందే.