క్యూఎల్‌ఈడీ, మినీ ఎల్‌ఈడీ టీవీలకు ఎక్కువ డబ్బు పెట్టాలా?

ప్రశ్న: 55 అంగుళాల టీవీ కొందామనుకుంటున్నాం. మామూలు ఎల్‌ఈడీ కన్నా క్యూఎల్‌ఈడీ, మినీ ఎల్‌ఈడీ రేటు చాలా ఎక్కువ. అంత తేడా నిజంగా ఉంటుందా?

క్యూఎల్‌ఈడీ అన్న పేరు ఒక్కటే చూసి ఎక్కువ పెట్టకండి, మినీ ఎల్‌ఈడీకి మాత్రం వెనక లైటు విడివిడిగా తగ్గే జోన్లు వందల్లో ఉంటే పెట్టొచ్చు. మూడూ ఎల్‌సీడీ తెరలే, తేడా అంతా వెనక లైటులోనే. క్యూఎల్‌ఈడీలో ఉండే క్వాంటం డాట్ పొర నీలం లైటులో కొంత భాగాన్ని స్వచ్ఛమైన ఎరుపు, ఆకుపచ్చగా మారుస్తుంది కాబట్టి పట్టుచీర ఎరుపు నిండుగా కనిపిస్తుంది, కానీ దానివల్ల నలుపు నల్లబడదు. అందుకు చీకటి ఉన్నచోట లైటు తగ్గాలి. మినీ ఎల్‌ఈడీలో వేలకొద్దీ చిన్న లైట్లను జోన్లుగా విడగొట్టి, ఒక్కో జోన్‌ని విడిగా తగ్గిస్తారు. జోన్లు మరీ తక్కువైతే నల్ల తెర మీద తెల్ల సబ్‌టైటిల్ చుట్టూ పొగలా వెలుగు కమ్ముకుంటుంది.

షాపులో వాళ్ల రంగుల డెమో ఆపించి, జోన్లవారీగా లైటు తగ్గించే లోకల్ డిమ్మింగ్ ఆన్‌లో పెట్టి, సబ్‌టైటిల్స్ ఉన్న రాత్రి సీను ఒకటి వేయమనండి, కాస్త పక్కకి జరిగి కూడా చూడండి, ఆ వెలుగు అక్కడే బయటపడుతుంది. జోన్ల సంఖ్య చెప్పకపోతే నేనైతే కొనను. పగలు వార్తలు, సీరియళ్లే చూస్తారంటే మామూలు ఎల్‌ఈడీ చాలండీ.