ఒక్క పాయింటు, రెండు కేజీల పూతరేకులు

ప్రశ్న: బీటెక్ ఫైనలియర్. సీజీపీఏ 8 దాటింది కానీ సెకండియర్‌లో ఒక సప్లీ ఉంది. డిస్టింక్షన్ ఇస్తారా? కటాఫ్ అసలు ఎలా లెక్కేస్తారు?

మా రెగ్యులేషన్ అయితే ఇవ్వరు. కనీసం 7.75 ఉండాలి, ఒక్క పేపరు కూడా సప్లీలో రాసి ఉండకూడదు. మీకు 8 ఉన్నా మెమో మీద ఫస్ట్ క్లాసే పడుతుంది. మీ బ్యాచ్ రెగ్యులేషన్ పుస్తకంలో ‘అవార్డ్ ఆఫ్ క్లాస్’ పేజీ తీసి చూడండి, సీనియర్ల మాట నమ్మకండి.

నాకు సప్లీ లేదు. అయినా డిస్టింక్షన్ పోయింది, లెక్క తెలియక.

ఏడు సెమిస్టర్లకి నా సీజీపీఏ 7.64. చివరి సెమ్‌లో ప్రాజెక్టుకి 9 వచ్చింది. గుంటూరు బ్రాడీపేటలో జిరాక్స్ షాపు ముందు నిలబడి, ఎనిమిది ఎస్‌జీపీఏలు కూడి ఎనిమిదితో భాగిస్తే 7.81. ఇంటికి ఫోన్ చేశాను. నాన్న ఆ సాయంత్రమే రెండు కేజీల పూతరేకులు తెచ్చి వీధంతా పంచేశారు.

మెమోలో 7.74!

ఎస్‌జీపీఏలని అలా సగటు తీయకూడదట. ప్రతి సబ్జెక్టు గ్రేడ్ పాయింటుని దాని క్రెడిట్లతో గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగించాలి. ఏడు సెమిస్టర్లలో నావి 148 క్రెడిట్లు, 1131 పాయింట్లు. ప్రాజెక్టు సెమ్‌కి 12 క్రెడిట్లే, అంటే 108 పాయింట్లు. మొత్తం 1239ని 160తో భాగిస్తే 7.74375. నేనేమో ఆ 12 క్రెడిట్ల సెమ్‌కి, ఇరవై పైచిలుకు క్రెడిట్ల సెమ్‌తో సమానంగా బరువేశాను.

1240 ఉంటే సరిగ్గా 7.75. ఒక్క పాయింటు! థర్డియర్‌లో ఒకటిన్నర క్రెడిట్ ల్యాబ్‌లో నాకు 79 వచ్చాయి. 79కి గ్రేడ్ పాయింట్లు 8, 80కి 9. ఆ ఒక్క మార్కు ఉంటే 1240.5 అయ్యేది. వైవా రోజు రికార్డులో సంతకాలు లేవని కోసిన మార్కే అది, నాకు గట్టి నమ్మకం. రౌండ్ చేయమని ఎగ్జామ్ సెక్షన్ కిటికీ దగ్గర బతిమాలాను. లోపలాయన టీ గ్లాసు కింద పెట్టకుండానే ‘కుదరదు బాబూ’ అన్నాడు.

పర్సెంటేజీ కూడా పదితో గుణించకండి. మాకు (CGPA − 0.75) × 10. అంటే 7.75కి 70 శాతం, నాకు 69.9. పిన్ని ఇప్పటికీ ‘డెబ్బైయేగా’ అంటుంది.

అన్నట్టు, అమెరికా వెళ్లిన మా తమ్ముడు ప్రతి సెమ్‌కీ ‘డీన్స్ లిస్ట్’ అని ఫొటో పెడతాడు. అది ఆ ఒక్క సెమ్ జీపీఏని బట్టి ఇచ్చేది. చాలాచోట్ల 4కి 3.5 ఉండి, ఫుల్‌టైమ్ క్రెడిట్లు చదివితే పేరు వేసేస్తారు. పాత సెమ్‌ల పాపం కొత్త సెమ్‌కి అంటదు. మనకేమో నాలుగేళ్లదీ ఒకే చిట్టా.